రాత్రి తొమ్మిదింటి ఉద్యోగం

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న ఇళ్లల్లో ‘జాబ్ సపోర్ట్’ అంటే ఏమిటో వివరించక్కర్లేదు. బయటివాళ్లకి మాత్రం చెప్పాలి. అమెరికాలో ఉన్న మనవాడికి ఏదో కన్సల్టెన్సీ ద్వారా ప్రాజెక్టు వస్తుంది. రెజ్యూమేలో ఏడేళ్ల అనుభవం ఉంటుంది, చేతిలో అంత ఉండదు. మొదటి వారం తిరిగేసరికి చెమటలు పడతాయి. అప్పుడు గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఆ పని నిజంగా వచ్చినవాణ్ణి వెతుక్కుంటాడు. ఇక్కడివాడు పగలంతా తన కంపెనీ పని చేసుకుని, రాత్రి భోజనమయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అవతలివాడి స్క్రీన్ చూస్తూ కోడ్ రాసిపెడతాడు. మనకు రాత్రి 9 అంటే డాలస్‌లో ఉదయం పదిన్నర, చలికాలమైతే తొమ్మిదిన్నర. ఇద్దరికీ కుదిరే వేళ. నెలకింత అని మాట్లాడుకుంటారు. రాతకోతలేమీ ఉండవు.

చేసేవాళ్లు దీన్ని రెండో ఉద్యోగం అనుకోరు. ‘మావాడికి కాస్త హెల్ప్ చేస్తున్నా’ అంటారు. డబ్బు కూడా చాలాసార్లు అమెరికా నుంచి రాదు. అవతలివాడి నాన్నగారు ఇక్కడే ఏ గుంటూరులోనో ఉంటారు, ఆయన ఫోన్‌పేలో కొడతారు. కాబట్టి ఎక్కడా ఆనవాలు లేదని ఒక ధీమా.

పక్క సంపాదన సంగతి కంపెనీకి తెలిస్తే ఏమవుతుందో చెప్పడానికి జాబ్ సపోర్ట్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. శని, ఆదివారాల్లో పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడికీ, పచ్చళ్లు పట్టి వాట్సాప్‌లో అమ్మే ఉద్యోగినికీ కూడా ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌ఆర్ నుంచి పిలుపు రావచ్చు. కానీ కంపెనీ భయాలన్నీ ఒకేచోట కనిపించేది ఈ రాత్రి పనిలోనే.

ఈ భయాలు మొదటిసారి బాహాటంగా బయటికొచ్చింది 2022లో. కరోనా తర్వాత అందరూ ఇళ్ల నుంచే పనిచేస్తున్న కాలం. ఆ ఏడాది ఆగస్టులో స్విగ్గీ తన ఉద్యోగులు ఆఫీసు వేళల తర్వాత బయటి పనులు చేసుకోవచ్చని ఒక విధానం ప్రకటించింది. అదే నెలలో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ ఐటీ రంగంలో ఇలా చేయడం మోసమేనని ట్వీట్ చేశారు. సెప్టెంబరులో ఇన్ఫోసిస్ తన ఉద్యోగులకు హెచ్చరిక మెయిల్ పంపింది. కొద్దిరోజులకే, పోటీ కంపెనీలకు పనిచేస్తూ దొరికిన 300 మందిని తీసేశామని ప్రేమ్‌జీ ఒక సభలో చెప్పారు. అక్టోబరు వచ్చేసరికి ఇన్ఫోసిస్ కొంత మెత్తబడి, మేనేజర్, హెచ్‌ఆర్ ముందుగా ఒప్పుకుంటే బయట చిన్నచిన్న పనులు చేసుకోవచ్చంది. కాకపోతే ఆ పని ఇన్ఫోసిస్‌కిగానీ దాని క్లయింట్లకుగానీ పోటీ కాకూడదు. ప్రేమ్‌జీ కూడా ఎవరైనా సెలవురోజుల్లో బ్యాండులో వాయించుకుంటామనో, ఒక ప్రాజెక్టు చేసుకుంటామనో దాపరికం లేకుండా వచ్చి మాట్లాడితే అది వేరే సంగతని అదే వేదిక మీద అన్నారు. ఆ ముక్క పత్రికల శీర్షికల్లోకి ఎక్కలేదు.

స్విగ్గీ సరే అన్నదాన్ని విప్రో మోసం అనడం చూసి, ఒకరు ఉదారులూ మరొకరు కఠినులూ అని చాలామంది తేల్చేశారు. అసలు తేడా వ్యాపారంలో ఉంది. భోజనం ఇంటికి చేర్చే కంపెనీ తన యాప్‌నీ సేవనీ అమ్ముతుంది. ఐటీ సేవల కంపెనీలు చాలావరకు మనుషుల గంటల్ని అమ్ముతాయి. ఫలానా ఇంజనీరు ఈ నెల పూర్తిగా మీ ప్రాజెక్టు మీదే ఉన్నాడని చెప్పి క్లయింటుకు బిల్లు పంపుతాయి. ఆ గంటల్లో ఆ ఇంజనీరు ఇంకొకరి పని చేశాడని తేలితే, తప్పుడు బిల్లు పెట్టింది కంపెనీ అవుతుంది. ఉద్యోగి దృష్టిలో అది తన ఖాళీ సమయం, కంపెనీ దృష్టిలో అమ్మేసిన సరుకు.

ఇక అసలు వ్యవహారం ఏ వరసలో నడుస్తుందో చూద్దాం. ఇది ఒక్కరి కథ కాదు, ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగేవన్నీ ఒక మనిషికి తగిలించి చెబుతున్నాను. ఏడేళ్లుగా ఒకే కంపెనీలో ఉన్న జావా డెవలపర్ అనుకోండి. మియాపూర్‌లో ఫ్లాటు కొన్నాడు, ఈఎమ్‌ఐ నడుస్తోంది. కాలేజీలో జూనియర్ డాలస్ నుంచి ఫోన్ చేశాడు. “అన్నా, రోజుకి రెండు గంటలు చూడన్నా, మూడు నెలలే, తర్వాత నేనే చూసుకుంటా.” నెలకు 30,000 అన్నాడు. మూడు నెలలు పద్నాలుగు నెలలయ్యాయి. అవతలివాడు నేర్చుకోలేదు, నేర్చుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ఒకరోజు రాత్రి ఇతని సొంత ల్యాప్‌టాప్ అప్‌డేట్‌లో ఇరుక్కుంది. అవతల ఫోను మీద ఫోను. పక్కనే ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది. ఒక్క రాత్రికే కదా అని అందులో స్క్రీన్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచాడు. కంపెనీ ఇచ్చే ల్యాప్‌టాప్‌లో ఒక కాపలా ప్రోగ్రాం ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ నడిచింది, ఎన్నింటికి, ఎంతసేపు, ఏ ఫైలు బయటికెళ్లింది, ఏ పెన్‌డ్రైవ్ పెట్టారు అన్నవి అది రాసిపెట్టుకుంటుంది. దూరం నుంచి కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్లంటే సెక్యూరిటీవాళ్లకు మరీ హడలు, సైబర్ దొంగలు వాడేవీ అవే కాబట్టి. అందుకే అలాంటిది తెరవగానే వాళ్లకు అలర్ట్ వెళ్తుంది. వాళ్లు ముందు వెతికేది దొంగ కోసం, పక్క ఉద్యోగం కోసం కాదు. తీరా చూస్తే సొంత ఉద్యోగే ఎవరిదో పరాయి కంపెనీ స్క్రీన్ మీద నలభై నిమిషాలు పనిచేసి ఉంటాడు. అక్కణ్నుంచి ఫైలు హెచ్‌ఆర్‌కి చేరుతుంది.

నాలుగు రోజుల తర్వాత, “ఒక పది నిమిషాలు మాట్లాడాలి” అని మీటింగ్ పిలుపు. విషయం రాసి ఉండదు. లోపలికెళ్తే మేనేజరు, హెచ్‌ఆర్ మనిషి, ఇంకో కొత్త ముఖం. ఆ కొత్త ముఖం సెక్యూరిటీ విభాగానిది. మొదటి ప్రశ్న చాలా మామూలుగా ఉంటుంది: “మీరు బయట ఇంకేమైనా పని చేస్తున్నారా?”

చాలామంది కథ ఇక్కడే అడ్డం తిరుగుతుంది. ఇతను లేదన్నాడు. రెండోసారి అడిగితే, ఆ ఒక్కరోజే ఫ్రెండ్‌కి సాయం చేశానన్నాడు. అప్పుడు లాగ్ కాగితం బల్ల మీదికి వచ్చింది. తర్వాత పద్నాలుగు నెలల సంగతీ వచ్చింది. ఆ గదిలో కూర్చున్నవాళ్లకు చేతిలో ఆధారం లేకుండా ఇలాంటి ప్రశ్న అడగడం అలవాటు ఉండదు. మొదట లేదనడంతో ఆరోపణ రెండు ముక్కలైంది. ఒకటి బయట పని, రెండోది విచారణలో అబద్ధం. మొదటిదాన్ని హెచ్చరికతో వదిలేయడానికి మేనేజరు మొగ్గు చూపినా, రెండోదాన్ని ఎవరూ తన నెత్తిన వేసుకోరు.

అనుమానం పాకడం కూడా ఇక్కడే మొదలవుతుంది. ఇప్పటిదాకా ఎవరికీ పట్టని విషయాలన్నీ కొత్త అర్థాలతో లేస్తాయి. గత మార్చిలో ఉదయం మీటింగులకు వరసగా ఆలస్యం ఎందుకయ్యాడు? కెమెరా ఎప్పుడూ ఎందుకు ఆపి ఉంటుంది? ఆ రిలీజు రెండు వారాలు వెనక్కెందుకు పోయింది? మార్చిలో అతని తల్లికి కంటి ఆపరేషన్ జరిగి ఉండొచ్చు, రిలీజు ఇంకొకరి వల్ల ఆగి ఉండొచ్చు. కానీ ఇప్పుడు ఆ జవాబుల్ని ఎవరూ జవాబులుగా వినరు. ఏడేళ్లలో వచ్చిన మంచి రేటింగులు గుర్తుండవు. అవి ఇచ్చిన మేనేజరు కూడా తనెలా కనిపెట్టలేకపోయాడని పైవాళ్లు అడుగుతారేమోనని నాలుగడుగులు దూరం జరుగుతాడు.

పని గంటల కంటే కంపెనీని ఎక్కువ కలవరపెట్టే ప్రశ్న ఇంకొకటి ఉంది. మా క్లయింటు కోడ్‌లో ఒక్క ఫైలైనా అటు వెళ్లిందా? ఒకే రకం పని రెండుచోట్ల చేసేవాడు ఇక్కడ రాసిన ముక్కను అక్కడ అతికించడం మానవ సహజం. ఆ ముక్క ఏ బ్యాంకుదో అయితే కంపెనీ ఆ బ్యాంకుకి జవాబు చెప్పుకోవాలి. అందుకే ముందు ల్యాప్‌టాప్ తీసుకుంటారు, లాగిన్‌లు ఆపేస్తారు, ఇంట్లో ఉండమంటారు. ఉద్యోగికి ఇది శిక్షలా కనిపిస్తుంది. కంపెనీకి మాత్రం ఎంత పోయిందో లెక్క తేలేదాకా తలుపు మూసిపెట్టడం.

జాబ్ సపోర్ట్‌లో ఇంకో తలనొప్పి ఉంది. ఆ రాత్రి ఇతను చూసింది ఒక అమెరికా కంపెనీ సిస్టమ్‌ని. ఇలా ఒకాయన హైదరాబాద్‌లో కూర్చుని తమ డేటా చూస్తున్నాడని ఆ కంపెనీకి తెలియదు, దాని అనుమతీ లేదు. ఒకవేళ ఆ కంపెనీ ఇతని యజమానికి కూడా క్లయింటే అయితే? అలాంటి అవకాశం తక్కువే గానీ, తేలేదాకా ఎవరికీ నిద్ర పట్టదు. పచ్చళ్లు అమ్మే ఆమె విషయంలో ఇలాంటి ప్రశ్న పుట్టనే పుట్టదు. నన్నడిగితే పక్క సంపాదనలన్నింట్లోకీ ప్రమాదమైనది ఇదే. ఇక్కడివాడు తన కంపెనీ ఒప్పందం తప్పుతున్నాడు, అక్కడివాడు తన కంపెనీని నమ్మించి మోసగిస్తున్నాడు. మధ్యలో ‘హెల్ప్’ అనే మాట ఉండటం వల్ల ఇద్దరికీ అది తప్పుగా అనిపించడం లేదు.

ల్యాప్‌టాప్ జోలికి పోకపోతే దొరకమని కొందరి లెక్క. దొరికే దారులు ఇంకా ఉన్నాయి. వాటిలో పాతది మనిషి నోరు. టీమ్ లంచ్‌లో ఎవరితోనో చెప్పుకున్న ముచ్చట, లింక్డిన్‌లో పెట్టుకున్న కొత్త హోదా, ప్రమోషన్ రాని సహోద్యోగి పంపిన పేరులేని మెయిల్. వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పీఎఫ్ సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు చేయనివాళ్లు కూడా అందులో ఇరుక్కుంటున్నారు.

పీఎఫ్‌లో ప్రతి ఉద్యోగికీ యూఏఎన్ అనే ఒకే నంబరు ఉంటుంది. ఎన్ని కంపెనీలు మారినా నంబరు అదే, దానికి ఆధార్ ముడిపడి ఉంటుంది. ఒక్కో కంపెనీ కింద ఒక్కో మెంబర్ ఐడీ ఏర్పడుతుంది. ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది పోర్టల్‌లో Service History అనేచోట కనిపిస్తుంది. రెండుచోట్ల పూర్తికాలపు జీతం తీసుకుంటూ రెండుచోట్లా పీఎఫ్ కట్ అవుతుంటే, ఆ నెలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. మన పాస్‌బుక్‌ని కంపెనీ తనంతట తాను తెరిచి చూడలేదు. కానీ ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ పేజీ ఇమ్మని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. పాత ఉద్యోగాలు నిజమో కాదో చూసే వెరిఫికేషన్ సంస్థలు మన సంతకం తీసుకుని అదే చూస్తాయి. 2022లో విప్రోలో అంతమంది ఎలా దొరికారన్నదానికి, పీఎఫ్ ద్వారానేనని అప్పట్లో బాగా ప్రచారం జరిగింది. అది ప్రచారమే. పైగా పీఎఫ్‌లో కనిపించేది జీతాల ఉద్యోగం మాత్రమే. ఫోన్‌పేలో వచ్చే 30,000 అందులో ఎన్నటికీ కనిపించదు.

చిక్కెక్కడంటే, పాత కంపెనీ మీరు మానేసిన తేదీని పోర్టల్‌లో ఎక్కించకపోతే, మీరింకా అక్కడే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. పాత కంపెనీ మూతపడినా, అక్కడి అకౌంట్స్ మనిషి బద్ధకించినా ఇదే జరుగుతుంది. ఇంకోటి, చివరి నెల పీఎఫ్ డబ్బు తర్వాతి నెలలో జమవుతుంది. ఏప్రిల్ 30న మానేసి మే 2న కొత్తచోట చేరినవాడి పాస్‌బుక్‌లో మే నెల తేదీతో పాత కంపెనీ డబ్బు కనిపించవచ్చు. పేజీ అంతా చదవకుండా ఒక్క గీత చూసి తేల్చేసేవాడి చేతిలో పడితే ఆ మనిషి దొంగే.

దీనికి మందు మన చేతిలోనే ఉంది. పాత కంపెనీ నుంచి ఆఖరి పీఎఫ్ చందా పడి రెండు నెలలు దాటితే, మానేసిన తేదీని ఉద్యోగే ఎక్కించుకోవచ్చు. పోర్టల్‌లో Mark Exit అని ఉంటుంది, ఆధార్‌కి ఓటీపీ వస్తుంది. ఉద్యోగం మారిన ప్రతివాడూ ఒకసారి చూసుకోవాల్సిన పేజీ ఇది. దాంతోపాటు పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ కూడా దగ్గరుంటే, జమ అయిన తేదీ వేరు, జీతం నెల వేరు అని రెండు కాగితాలతో చూపించవచ్చు.

మన డెవలపర్ దగ్గరికి వద్దాం. ఇంట్లో ఉన్న వారంలో అతనికి ఒక మెయిల్ వచ్చింది. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పేజీ, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఫారం 26ఏఎస్ పంపమని. ఇవ్వాలా? కంపెనీ అడగొచ్చు. పన్ను పోర్టల్‌లోని వివరాలు మన లాగిన్‌తోనే వస్తాయి గానీ, కంపెనీ వాటిని నేరుగా చూడలేదు. ఇవ్వనంటే పోలీసుల్లా వచ్చి తీసుకునే అధికారమూ దానికి లేదు. కానీ విచారణకు సహకరించాలన్న షరతు చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుంది, ఇవ్వకపోవడాన్ని ఒప్పుకోవడం కిందే జమకట్టుకుంటారు. ఇంటి ఖర్చులు, భార్య నగల లోను, తమ్ముడికి పంపిన డబ్బు అన్నీ ఆ స్టేట్‌మెంటులో ఉంటాయి. సంబంధం లేని వరసల్ని కప్పేసి, ఎందుకు కప్పారో రాసి ఇవ్వడం చాలామంది వకీళ్లు చెప్పే మధ్యేమార్గం.

స్టేట్‌మెంటు బయటికి వస్తే ఇంకో కథ మొదలవుతుంది. నెలకు 30,000 అంటే ఏడాదికి 3,60,000. ఇతను దాన్ని పన్ను రిటర్న్‌లో చూపలేదు. జీతమొక్కటే ఉన్నవాళ్లు వేసే ఐటీఆర్-1 వేశాడు. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు వేయాల్సింది ఐటీఆర్-3 గానీ, అర్హతను బట్టి ఐటీఆర్-4 గానీ. ఇది కంపెనీకి సంబంధించిన విషయం కాదు, పన్ను శాఖకూ ఇతనికీ మధ్య వ్యవహారం. అయినా ఆ గదిలో ఇది మూడో ఆరోపణలా పనిచేస్తుంది. పన్ను దగ్గర దాచినవాడు మా దగ్గర దాచడా అన్న మాట ఎవరో ఒకరు అనకమానరు. అదే ఆదాయాన్ని రిటర్న్‌లో చూపించి ఉంటే, దాచే ఉద్దేశం లేదని చెప్పుకోడానికి ఒక్క కాగితమైనా మిగిలేది.

చట్టం ఏమంటుందని అందరూ అడుగుతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రెండో పని చేయడమే నేరం అనే చట్టం లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన కార్మికుణ్ణి అదే రోజు ఇంకో ఫ్యాక్టరీలో పనికి పెట్టుకోకూడదని ఒక సెక్షన్ పెట్టారు. అది యంత్రాల దగ్గర నిలబడేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. మనవాడిని పట్టుకునేది అతను సంతకం చేసిన ఆఫర్ లెటర్. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషి బతుకుతెరువును అడ్డుకునే షరతులు చెల్లవు కదా అని కొందరు వాదిస్తారు. 1967లో సెంచరీ స్పిన్నింగ్ కంపెనీకీ, దాని టైరు దారం ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా ఉన్న నిరంజన్ శంకర్ గోలికరికీ నడిచిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని చూసింది. ఒప్పందం అమల్లో ఉన్న కాలంలో ఇంకొకరి దగ్గర పనిచేయనన్న షరతు మామూలుగా చెల్లుతుందని చెప్పింది. అంటే ఉద్యోగం మానేశాక ‘రెండేళ్లు ఎక్కడా చేరకూడదు’ అనే షరతుకు బలం తక్కువ. ఉద్యోగంలో ఉండగా ‘ఇంకో పని చేయకూడదు’ అనే షరతుకు బలం ఎక్కువ.

రెండో మీటింగులో హెచ్‌ఆర్ మనిషి రెండు దారులు చూపిస్తుంది. రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్ మామూలుగా ఇస్తాం, లేదంటే తీసేస్తాం, అది రికార్డులో ఉంటుంది. సాయంత్రంలోగా చెప్పమంటుంది. పక్కన ప్రింటు తీసిన ఒప్పుకోలు పత్రం. అందులో ‘కంపెనీకి నష్టం కలిగించాను’ అనే వాక్యం ఉంటే, దాని మీద సంతకం పెట్టడం వేరు, ‘అనుమతి లేకుండా బయట పని చేశాను’ అన్నదాని మీద పెట్టడం వేరు. మొదటిది రేపు డబ్బు కోతలకు ఆధారమవుతుంది. ఆ కాపీ ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపు చెబుతాననడంలో తప్పు లేదు. అంతకంటే, తన వివరణను తనే మెయిల్‌లో రాసి పంపడం మేలు. ఏ నెల నుంచి, రోజుకెన్ని గంటలు, ఎంత డబ్బు, కంపెనీ ల్యాప్‌టాప్ ఏ రోజు వాడింది, కంపెనీ కోడ్ ఏదీ ఇవ్వలేదన్నది, అన్నీ. ఒకేసారి పూర్తిగా చెప్పిన మాటకు, నాలుగు విడతల్లో లాగితే వచ్చిన మాటకు విచారణలో చాలా తేడా ఉంటుంది.

రాజీనామా చేస్తే అన్నీ పోతాయనే భయంలో చాలామంది హక్కుల్ని కూడా వదిలేసుకుంటారు. పీఎఫ్ సొమ్ము ఉద్యోగిది, దాన్ని ఆపే అధికారం కంపెనీకి లేదు. ఐదేళ్లు దాటిన ఉద్యోగికి రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది. ఇతని బేసిక్ 50,000, ఏడేళ్ల సర్వీసు. 50,000ని 26తో భాగించి, 15తో, 7తో హెచ్చిస్తే 2,01,923 రూపాయలు. కంపెనీకి జరిగిన నష్టం కింద గ్రాట్యుటీలోంచి కోయాలంటే, ఆ నష్టానికి కారణమైనందుకే ఉద్యోగంలోంచి తీసేసి ఉండాలి, నష్టమెంతో కూడా చూపించాలి. బయట పని చేశావు కాబట్టి నీకేమీ రాదు అని నోటిమాటగా చెబితే కుదరదు.

కొన్ని కంపెనీలు తీసేయవు, హెచ్చరించి ఉంచుకుంటాయి. అది అదృష్టమే, కానీ ఆ తర్వాతి ఏడాది తేలిగ్గా గడవదు. కొత్త క్లయింటు ప్రాజెక్టుల్లోకి పేరు వెళ్లదు. ఇంటి నుంచి పని అంటే మేనేజరు ముఖం మారుతుంది. పావుగంట మెసేజ్‌కి జవాబివ్వకపోతే ఫోను వస్తుంది. అలాంటివాళ్లలో చాలామంది తర్వాత తామే ఉద్యోగం మారుతారు. ఈలోగా పక్క టీములో ఏ తప్పూ చేయనివాళ్లకు కూడా బయట పనులేమీ లేవని రాసిమ్మంటూ ఫారాలొస్తాయి. వాటిని ఒక్క సంతకంతో వదిలించుకోకండి. చెల్లి బొటిక్‌లో మీ పేరు భాగస్వామిగా ఉంటే, యూట్యూబ్ నుంచి నెలకు ఐదువేలు వస్తుంటే, రాయాల్సింది ఆ ఫారంలోనే.

ఇంతకీ బయట సంపాదించుకోవాలంటే దారి లేదా అంటే, ఉంది. అడగడం. వారాంతంలో అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెబుతానన్నా, చిన్న దుకాణానికి వెబ్‌సైట్ చేస్తానన్నా చాలా కంపెనీలు ఒప్పుకుంటున్నాయి. అడిగే మెయిల్‌లో ఎవరికోసం, ఏ రోజుల్లో, ఎన్ని గంటలు, సొంత కంప్యూటర్ మీదే, మన క్లయింట్లతో సంబంధం లేదు అన్న ఐదు సంగతులుంటే చాలు. ‘ఓకే, కానివ్వు’ అని మేనేజరు క్యాంటీన్‌లో అన్నది అనుమతి కాదు. ఆ మేనేజరు ఆరు నెలల్లో మారిపోతాడు, కొత్తాయనకి ఆ సంగతి తెలియదు. పంపిన మెయిల్‌కి ఎవరూ బదులివ్వకపోవడం కూడా అనుమతి కాదు. జవాబు అక్షరాల్లో రావాలి, దాని కాపీ మీ సొంత మెయిల్‌లో ఉండాలి. ఉద్యోగం పోతే ఆఫీసు మెయిల్ ఆ రోజే మూతపడుతుంది.

జాబ్ సపోర్ట్‌కి మాత్రం ఇలా అడిగే వీలు లేదు. ఏ కంపెనీ కూడా అనుమతి లేకుండా పరాయి కంపెనీ సిస్టమ్‌లోకి తొంగిచూడటానికి రాతపూర్వకంగా సరే అనదు. ఇప్పటికే చేస్తున్నవాళ్లు డాలస్ తమ్ముడికి ఒక నెల గడువిచ్చి మానుకోండి. వచ్చిన డబ్బును ఈ ఏడాది రిటర్న్‌లో చూపించండి. మీ ఆఫర్ లెటర్ తీసి, బయటి ఉద్యోగాల గురించి రాసిన పేరా ఈ ఆదివారమే చదవండి.